దేవుడి పేరుతో అల్లిన పేర్లు: ఒక శ్లోకం, కొన్ని నామాలు

సాంకేత్యం పారిహాస్యం వా స్తోభం హేలనమేవ వా
వైకుంఠనామగ్రహణమశేషాఘహరం విదుః

భాగవతం ఆరవ స్కంధంలో, అజామిళుని ప్రాణాలను తీసుకుపోవడానికి వచ్చిన యమదూతలతో విష్ణుదూతలు పలికిన శ్లోకం ఇది. మరొకరికి సంకేతంగానైనా, పరిహాసంగానైనా, పాటలో పూరకంగానైనా, తేలికభావంతోనైనా సరే, వైకుంఠుని నామాన్ని ఉచ్చరిస్తే పాపాలన్నీ తొలగుతాయని పెద్దలు ఎరుగుదురని దీని భావం. ఇందులో మొదటి మాటే మన విషయం. అజామిళుడు అంత్యకాలంలో పిలిచింది దేవుణ్ణి కాదు, పదిమంది కొడుకులలో చివరివాడైన నారాయణుణ్ణి. సాంకేత్యమంటే కొడుకు మొదలైనవారికి గుర్తుగా పెట్టుకున్న పేరని శ్రీధరస్వామి వ్యాఖ్యానం. అంటే బిడ్డకు పెట్టిన దైవనామం బిడ్డను సూచిస్తూనే దైవనామంగా కూడా పనిచేస్తుందన్నది ఈ శ్లోకం చేస్తున్న వాదన.

ఈ వాదన భాగవతానిదే అయినా, బిడ్డ పేరులో దేవుణ్ణి నిలుపుకోవాలన్న కోరిక మాత్రం దాదాపు ప్రతి ప్రాచీన సమాజంలోనూ కనిపిస్తుంది. అయితే చాలాచోట్ల దేవుడి పేరు ఒంటరిగా రాదు. దాని పక్కన ఒక క్రియో ఒక సంబంధమో చేరి, పేరు మొత్తం ఒక చిన్న వాక్యమవుతుంది. మన దేవదత్తుడు దేవుడిచ్చినవాడు. గ్రీకుల థియోడోరోస్ దేవుడిచ్చిన కానుక. ఇరాన్ వైపు మిథ్రదాతుడు మిత్రదేవుడిచ్చినవాడు. హీబ్రూలో యోనాతాను అంటే యెహోవా ఇచ్చాడని, అరబ్బీలో అతావుల్లా అంటే అల్లా ప్రసాదమని అర్థం. దాతలు వేరు, దానం ఒక్కటే. కార్తేజి సేనాని హన్నిబాల్ పేరుకు 'బయలుదేవుడు కరుణించాడు' అని, యోహాను అన్న పేరుకు 'యెహోవా కరుణించాడు' అని అర్థం. రెండింటిలోనూ ఉన్నది ఒకే ధాతువు, ఎందుకంటే ఫినీషియన్, హీబ్రూ భాషలు అక్కచెల్లెళ్లు. దాసుడనే మాట కూడా ఇలాగే తిరుగుతుంది: కాళిదాసు, ఓబద్యా, అబ్దుల్లా, లార్సా నగరాన్ని ఏలిన వరద్‌-సిన్ అందరూ తమ తమ దేవుళ్లకు దాసులే.

ఈ వాక్యాలలో ఒక్కొక్కసారి ఆ ఇంటి చరిత్ర కూడా ఇమిడి ఉంటుంది. క్రీ.పూ. 705 నుంచి 681 వరకు అస్సీరియాను ఏలిన సన్హెరీబు అసలు పేరు సిన్‌-అహ్హే-ఎరీబ, అంటే చంద్రదేవుడైన సిన్ నాకు సోదరులను తిరిగి భర్తీ చేశాడని. ఆయన కన్నా ముందు పుట్టిన బిడ్డలు పోయిన తరువాత పెట్టిన పేరు ఇది. పసివాడు తన నోటితో చెబుతున్నట్లుగా తల్లిదండ్రులు దేవుడికి అప్పగించిన కృతజ్ఞత అది. ఆయన తరువాత సింహాసనమెక్కిన కొడుకు ఎసర్హద్దోను పేరు అష్షూరు-అహ-ఇద్దిన, అంటే అష్షూరు దేవుడు ఒక తమ్ముణ్ణి ఇచ్చాడని. అన్నలున్న ఇంట పుట్టినవాడని ఆ పేరే చెబుతోంది. యుద్ధాలతో, నగరధ్వంసాలతో పేరుమోసిన ఈ రాజుల వెనుక ఉయ్యాల దగ్గర నిలబడిన తల్లిదండ్రులు మనకు కనబడేది ఈ పేర్లలోనే.

దేవుడి పేరును నేరుగా పెట్టవచ్చా అన్న సందేహం కూడా పాతదే. మానవ గృహ్యసూత్రం నామకరణాన్ని విధిస్తూ, పేరు దేవతను గాని నక్షత్రాన్ని గాని ఆశ్రయించి ఉండాలని చెప్పి, ఆ వెంటనే దేవత పేరును ప్రత్యక్షంగా పెట్టడాన్ని నిషేధించింది. దేవదత్తుడు ఆ నియమానికి లోబడతాడు, అజామిళుని కొడుకు నారాయణుడు లోబడడు. అంటే సూత్రకారుడు అడ్డుకున్న పనికే భాగవతం ఫలం చెప్పిందన్నమాట. పూజ్యుని పేరును రోజూ విసుక్కుంటూ, తిట్టుకుంటూ పిలవవలసి వస్తుందన్నది ఆ నియమానికి కారణం కావచ్చునని నా ఊహ. భాగవతం హేలనాన్ని కూడా జాబితాలో చేర్చి ఆ భయానికి సమాధానం చెప్పినట్లుంది. భక్తి మార్గం బలపడిన కొద్దీ రాముడు, కృష్ణుడు నేరుగా ఇళ్లలోకి వచ్చేశారు. ఇస్లాం మాత్రం ఆ హద్దును గట్టిగా నిలుపుకుంది. అల్లాకు మాత్రమే చెల్లే రహ్మాన్, ఖాలిక్ వంటి నామాలను మనిషికి పెట్టాలంటే ముందు 'అబ్ద్' చేరాలి. అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అనేవి అల్లాకు మిక్కిలి ప్రియమైన పేర్లని హదీసు. ఇస్లాంకు ముందు అరబ్బులు ఉజ్జా దేవత పేరిట అబ్దుల్ ఉజ్జా అని కూడా పెట్టుకునేవారు. ప్రవక్త పినతండ్రి అబూ లహబ్ అసలు పేరు అదే. కొత్త విశ్వాసంలో దాసుడన్న మాట అలాగే ఉండిపోయింది, యజమాని మారాడు.

యజమాని పేరు మారడాన్ని అన్నిటికన్నా దగ్గరగా చూడగలిగింది ఇశ్రాయేలు తొలి రాజులైన సౌలు, దావీదుల ఇళ్లలో. సౌలు పెద్దకొడుకు యోనాతాను, అందులో యెహోవా ఉన్నాడు. మరో కొడుకు పేరు బైబిలులోని దినవృత్తాంతములు అనే గ్రంథంలో ఎష్బయలు, అంటే బయలు మనిషి. ఒకే తండ్రి ఒక కొడుకుకు ఒక దేవుడి పేరును, మరొక కొడుకుకు ఆ దేవుడి శత్రువు పేరును పెట్టాడా? అలా అనుకోనక్కరలేదు. బయలు అన్న మాటకు ప్రభువని సాధారణార్థం, ఆ రోజుల్లో యెహోవానూ అలా పిలిచేవారు. ఇక మీదట నన్ను బయలని పిలవవని హోషేయ గ్రంథంలో యెహోవా చెప్పడమే అందుకు సాక్ష్యం. కనానీయుల బయలు ఆరాధనతో పోరు ముదిరాక ఆ మాట నోట పలకడానికే అసహ్యమయింది. అందుకే సమూయేలు గ్రంథంలో అదే కొడుకు ఇష్బోషెతు అయ్యాడు, బోషెతు అంటే సిగ్గు. యోనాతాను కొడుకు మెరీబ్బయలు కూడా అక్కడ మెఫీబోషెతుగా కనిపిస్తాడు. ఏ తండ్రీ బిడ్డకు 'సిగ్గుమనిషి' అని పేరు పెట్టడు కాబట్టి, ఇది తరువాతి లేఖకుల దిద్దుబాటేనని పండితులలో చాలామంది అభిప్రాయం. దినవృత్తాంతములు తరువాత కూర్చిన గ్రంథమైనా, పాత రూపాలు దిద్దుబాటుకు చిక్కకుండా మిగిలింది అందులోనే.

దావీదుకు యెరూషలేములో పుట్టిన కొడుకుల జాబితా కూడా ఇలాగే ఒకటికన్నా ఎక్కువ చోట్ల ఉంది. దినవృత్తాంతములు మొదటి గ్రంథం పద్నాలుగో అధ్యాయంలో ఒక కొడుకు బెయెల్యెదా, అంటే ప్రభువు ఎరుగును. సమూయేలు రెండవ గ్రంథం ఐదో అధ్యాయంలో అతడే ఎల్యాదా, అంటే దేవుడు ఎరుగును. ఇక్కడ దిద్దిన చేయి సిగ్గు అన్న మాట జోలికి పోలేదు. ముందున్న దైవనామాన్ని మాత్రం తీసి, ఎరుగును అన్న క్రియను ఉన్నచోటే ఉంచింది.