పక్కింటి మూడో అంతస్తు, నా ఉబ్బసం

ఉబ్బసం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. చాలా ఏళ్లపాటు అది చలికాలంలో నాలుగు రోజులు పలకరించి పోయేది. పక్కింటివారు మూడో అంతస్తు లేపిన ఏడాది వర్షాకాలంలో మాత్రం తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, మంచం మీద ముందుకు వంగి కూర్చుంటే తప్ప ఊపిరి అందని స్థితికి చేరాను. నెబులైజరుకు కూడా తగ్గని ఒక రాత్రి ఆసుపత్రిలో చేర్చారు. ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో గట్టెక్కాను.

ఛాతీ వైద్యుడు రోజూ పీల్చవలసిన స్టెరాయిడ్ ఇన్‌హేలరుతో పాటు ఒక పీక్ ఫ్లో మీటరు కూడా కొనమన్నారు. దీర్ఘంగా గాలి తీసుకుని ఆ గొట్టంలోకి ఒక్క ఊపున ఊదితే, ఊపిరితిత్తుల నుంచి గాలి ఎంత వేగంగా బయటికి వస్తున్నదో ముల్లు చూపిస్తుంది. ఉదయం, సాయంత్రం మూడేసి సార్లు ఊది, వచ్చిన అంకెలలో పెద్దదాన్ని పుస్తకంలో రాసుకోవాలి. మా ఇంట్లో అది 220 దగ్గర ఆగిపోయేది. రాజమండ్రిలో మా చెల్లెలి ఇంట్లో ఉన్న కొన్నాళ్లలో అవే మందులతో 320 దాటింది, తిరిగి వచ్చాక మళ్లీ దిగజారింది. ఆ పుస్తకం చూసిన డాక్టరుగారు మందు మార్చలేదు. "మీరు పడుకునే గది ఎలా ఉంటుంది?" అని అడిగారు.

మా పడకగది కిటికీ తూర్పువైపు, పక్కింటి వైపే ఉంటుంది. వారి ఇల్లు రెండు అంతస్తులు ఉన్నంతకాలం తొమ్మిది దాటాక పైనుంచి ఎండ దిగి, మధ్యాహ్నం దాకా ఆ గోడ మీద ఉండేది. మూడో అంతస్తు వేసి, దాని బాల్కనీని రెండిళ్ల మధ్య సందు మీదికి రెండున్నర అడుగులు చాపడంతో ఆకాశం కనిపించే సన్నటి చీలిక కూడా మూసుకుపోయింది. పైగా ఆ బాల్కనీ మీద పడిన వాన నీరు నేరుగా మా గోడ మీదికి కారేది. ఎండా గాలీ తగలని గోడ ఆరదు. బీరువా జరిపి చూస్తే దాని వెనుక మోకాలెత్తు నుంచి పైదాకా నల్లని బూజు పట్టి, వేలితో గీరితే సున్నంతో సహా పొడిలా రాలుతోంది.

మా గోడలో పైపు కారుతున్నదేమో అన్న సందేహం రావడం సహజం, అవతలివారు మొదట అనేదీ అదే. అందుకని ప్లంబరును పిలిచి ఒక పూట నీటి వాడకం ఆపించి, ట్యాంకు, పైపులు పరీక్ష చేయించి, లీకు లేదని కాగితం మీద రాయించుకున్నాం.

మా వారు ఆసుపత్రి డిశ్చార్జి కాగితాన్నే పైన పెట్టి నగరపాలక సంస్థకు ఫిర్యాదు రాద్దామన్నారు. మా వీధిలోనే ఉంటున్న, టౌన్ ప్లానింగ్ విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైన పెద్దాయన దాన్ని చదివి, "అమ్మా, మీ జబ్బుకు నోటీసు ఇచ్చే సెక్షను ఆఫీసులో లేదు. ప్లానుకు మించి కట్టినదానికైతే ఉంది" అన్నారు. డాక్టరుగారు కూడా తేమ, బూజు ఉన్న గదిలో ఉబ్బసం ముదురుతున్నదని, అక్కడ ఉండకూడదని రాసిచ్చారే తప్ప, పక్కింటి కట్టడమే కారణమని రాయడానికి ఒప్పుకోలేదు. అది న్యాయమే. ఆయన చూసినది నా ఊపిరితిత్తులను గాని వారి ప్లానును కాదు.

కాబట్టి మొదట ప్లాను సంగతి తెలియాలి. సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, పక్కింటి డోరు నంబరుకు మంజూరైన అంతస్తులెన్ని, ఎత్తెంత, నాలుగు వైపులా వదలవలసిన ఖాళీ ఎంత అని అడిగాం. మొత్తం ప్లాను నకలు అడిగితే అది మూడో వ్యక్తి సమాచారమని తిప్పికొట్టే వీలుంది కాబట్టి అంకెలు మాత్రమే అడగమన్నది కూడా ఆ పెద్దాయన సలహాయే. చట్టం ఇచ్చిన 30 రోజుల గడువు ముగియబోతుండగా జవాబు వచ్చింది: గ్రౌండు మీద రెండు అంతస్తులకే అనుమతి, మా వైపు ఖాళీ ఒక మీటరు.

ఆ తర్వాత రాసిన ఫిర్యాదు ఒక పేజీ దాటలేదు. అనుమతి ఇంత, కట్టినది ఇంత, సందు మీదికి వచ్చిన బాల్కనీ ఇంత అని రాసి, తేదీ పడిన ఫోటోలు, సమాచార హక్కు జవాబు జతచేసి, డాక్టరుగారి కాగితాన్ని చివరన పెట్టాం. ఒక ప్రతిని వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికీ, మరొకటి సోమవారం గ్రీవెన్సులో కమిషనరుకూ ఇచ్చి, మా నకలు మీద ఇన్‌వార్డు నంబరు వేయించుకున్నాం. ఫోటోల మీద తేదీ ఉండడం చాలా అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2015లోనూ 2019లోనూ వచ్చినట్లు భవనాల క్రమబద్ధీకరణ పథకం ఎప్పుడు వచ్చినా, ఫలానా తేదీకి ముందు కట్టినవాటికే వర్తిస్తుంది. ఆ తేదీ నాటికి అంతస్తు ఉందా లేదా అన్న వాదన వచ్చినప్పుడు ఫిర్యాదు చేసినవారి ఫోటోయే సాక్ష్యం.

1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలోని 452 సెక్షను కింద సంజాయిషీ నోటీసు వెళ్లింది. ఇచ్చిన జవాబు సరిపోలేదని, 636 కింద తొలగింపు ఉత్తర్వు వచ్చింది. ఒక ఉదయం సిబ్బంది వచ్చి పై స్లాబుకు గడ్డపారలతో మూడు నాలుగు చోట్ల రంధ్రాలు పెట్టి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు. కూల్చివేత అంటే చాలా చోట్ల జరిగేది ఇంతే. కాంక్రీటు రాలినా లోపలి ఇనుప కడ్డీలు కోయకపోతే మేస్త్రి వచ్చి కింద పలకలు కొట్టి, మళ్లీ సిమెంటు నింపేస్తాడు. ఇక్కడా వారం తిరగకముందే ఆ పనే మొదలైంది. కడ్డీలు కోయలేదని, పూడ్చివేత జరుగుతున్నదని మర్నాడే కొత్త ఫోటోలతో మళ్లీ ఫిర్యాదు చేసి, పాత ఇన్‌వార్డు నంబరును అందులో చూపించాం.

ఈలోగా పక్కింటివారు కార్పొరేషను మీద సివిల్ కోర్టులో దావా వేసి కూల్చివేతను ఆపేలా ఇంజంక్షన్ కోరారు. అందులో మమ్మల్ని ప్రతివాదులుగా చేర్చలేదు, సాధారణంగా చేర్చరు కూడా. మా వకీలు మమ్మల్ని చేర్చుకోవాలని పిటిషను వేసి, సమాచార హక్కు జవాబును కోర్టు ముందు పెట్టారు. ఇరవై ఏళ్లుగా అనుభవిస్తున్న వెలుతురు, గాలి మీద 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఇచ్చే హక్కు ఒకటుందనీ, అయితే దాన్ని నిరూపించడం సుదీర్ఘమైన పని గనుక, ప్లాను ఉల్లంఘన ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు దాని మీదే నిలబడడం మేలనీ ఆయన చెప్పారు. సందు మీదికి చాచిన బాల్కనీని రక్షించే ఉత్తర్వేదీ రాలేదు. ఈసారి గ్యాస్ కట్టరుతో కడ్డీలు కోసి దాన్ని తీసివేశారు. అంతస్తు విషయంలో యథాతథ స్థితి ఉత్తర్వు ఉంది, దావా నడుస్తున్నది.

బాల్కనీ పోయాక గోడ మీదికి నీరు కారడం ఆగింది, ఎండ ఓ గంటసేపు వాలుగా పడుతున్నది. నేనైతే అంతకుముందే పడమటి గదిలోకి మారాను. బూజు పట్టిన ప్లాస్టరును ఇటుక కనిపించేదాకా చెక్కించి, నెలరోజులు ఆరనిచ్చి, కొత్తగా పూయించాం. ఆ దుమ్ము రేగుతున్న రోజుల్లో నేను ఇంట్లో లేను, డాక్టరుగారు ముందే హెచ్చరించారు. ఇప్పుడు మీటరు 310కి అటూ ఇటూ చూపిస్తున్నది. మూడు నెలలకోసారి ఊపిరితిత్తుల పరీక్ష చేసి, ఇన్‌హేలరు మోతాదు సగానికి తగ్గించారు. పూర్తిగా మానేయడం కుదరదన్నారు. దావా తదుపరి వాయిదా వేసవి సెలవుల తర్వాత.