లీడ్ కాంపెన్సేటర్ లెక్కను బ్యాండ్‌విడ్త్ నుంచి మొదలుపెట్టాను

నా ముందున్నది మోటారు షాఫ్ట్ కోణాన్ని అదుపు చేసే లూప్. ప్లాంట్ ఇది:

```
G(s) = 100 / (s(s+5))
```

క్లోజ్డ్ లూప్ బ్యాండ్‌విడ్త్ కనీసం సెకనుకు 24 రేడియన్లు, ఫేజ్ మార్జిన్ కనీసం 50 డిగ్రీలు కావాలి. ఏ సవరణా లేకుండా చూస్తే క్రాసోవర్ 9.4 దగ్గర, మార్జిన్ 28 డిగ్రీలు. గెయిన్ ఒక్కటే పెంచి క్రాసోవర్‌ను 15కు తీసుకెళ్తే వేగం వస్తుంది కానీ మార్జిన్ 18.4 డిగ్రీలకు పడిపోతుంది.

పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే పద్ధతిలో ముందు గెయిన్ ఖాయం చేసి, పాత క్రాసోవర్ దగ్గర లోటెంతో చూసి, పైన 5 నుంచి 12 డిగ్రీలు అదనంగా వేస్తారు. ఆ అదనం ఎందుకంటే లీడ్ ఫేజ్‌తో పాటు గెయిన్‌నూ పెంచుతుంది, దాంతో క్రాసోవర్ కుడివైపు జరుగుతుంది. ఎంత జరుగుతుందో అంచనా వేసుకోవడం నాకు నచ్చదు. బ్యాండ్‌విడ్త్ లక్ష్యం చేతిలో ఉన్నప్పుడు కొత్త క్రాసోవర్‌ను మనమే ఎంచుకోవచ్చు. ఇలాంటి లూపుల్లో బ్యాండ్‌విడ్త్ సాధారణంగా క్రాసోవర్‌కు ఒకటి నుంచి రెండింతల మధ్య ఉంటుంది కాబట్టి 15 తీసుకున్నాను.

అక్కడ ప్లాంట్ మిగిల్చేది 18.4 డిగ్రీలు. కాగితం మీద 32 డిగ్రీల లీడ్ చాలు. కానీ కంట్రోలర్ నడిచేది 10 మిల్లీసెకన్ల శాంప్లింగ్‌తో. లెక్కకు పట్టే ఒక శాంపిల్, హోల్డ్ వల్ల వచ్చే అర శాంపిల్ కలిపి 15 మిల్లీసెకన్ల ఆలస్యం. సెకనుకు 15 రేడియన్ల దగ్గర అది 12.9 డిగ్రీలు తినేస్తుంది. బోడ్ ప్లాట్‌లో గెయిన్ గీత ఏమాత్రం మారదు కనుక ఈ నష్టం ఫేజ్ గీతలోనే కనబడుతుంది. అందుకే లీడ్‌ను 45 డిగ్రీలు చేశాను.

```
α = (1+sin45°)/(1−sin45°) = 5.83
జీరో = 15/√α = 6.21
పోల్ = 15·√α = 36.2
C(s) = 0.982 (s/6.21+1)/(s/36.2+1)
```

15 దగ్గర ప్లాంట్ గెయిన్ 0.4216, లీడ్ ఇచ్చేది √α అంటే 2.414. రెండూ గుణిస్తే 1.018, అందుకే ముందు 0.982 పెట్టి సరిగ్గా ఒకటికి తెచ్చాను. ఆలస్యంతో కలిపి చూస్తే మార్జిన్ 50.5 డిగ్రీలు, బ్యాండ్‌విడ్త్ సుమారు 28. తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర గెయిన్ దాదాపు పాతదే, కాబట్టి ర్యాంప్ ఇన్‌పుట్‌కు వచ్చే లోపం దాదాపు మారలేదు.

మూల్యం పై ఫ్రీక్వెన్సీల్లో చెల్లించాలి. అక్కడ కంట్రోలర్ గెయిన్ 5.73, ఆలస్యాన్ని లెక్కలో కలపకుండా 32 డిగ్రీలతో ఆగి ఉంటే 4.28 అయ్యేది. కొలతలోని నాయిస్ ఆ మేరకు పెద్దదై మోటారుకు చేరుతుంది. డ్రైవ్ పరిమితి ±10 వోల్టులు, కంట్రోలర్ అవుట్‌పుట్ నేరుగా వోల్టుల్లోనే ఉంటుంది. అందుకని 2 రేడియన్ల స్టెప్ ఇస్తే మొదటి క్షణంలో 11.5 వోల్టులు అడుగుతుంది. డ్రైవ్ శాచురేట్ అవుతుంది, అప్పుడు కనబడే ఓవర్‌షూట్‌ను బట్టి మార్జిన్ గురించి ఏమీ తేల్చలేం. మార్జిన్ సరిచూసే పరీక్షలన్నీ 1 రేడియన్ స్టెప్‌తోనే చేశాను.