పాత ఫొటోలో కబడ్డీ కోర్టు కొలతలు దొరికిన విధం

నేను చదువుకున్న బాలికల పాఠశాల మైదానంలో ఈ వేసవిలో కొత్త మట్టి పోసి చదును చేశారు. సున్నంతో వేసిన పాత గీతలన్నీ కిందికి పోయాయి. మళ్ళీ వేయించే పని నేను తీసుకున్నాను. మిగిలిన ఆధారం మేడ మీద నుంచి తీసిన ఒక పాత ఫొటో. అందులో మూడు కోర్టులున్నాయి, వలలు మాత్రం కట్టి లేవు.

బ్యాడ్మింటన్ కోర్టును పోల్చుకోవడం తేలికే. రెండు పక్కలా రెండేసి గీతలుంటాయి. లోపలిది సింగిల్స్‌కు హద్దు, బయటిది డబుల్స్‌కు.

వాలీబాల్ దగ్గర కాసేపు తడబడ్డాను. మధ్య గీతకు 3 మీటర్ల దూరంలో ఉండే అటాక్ లైన్, బ్యాడ్మింటన్‌లో సర్వీసు దాటి పడవలసిన ముందు గీత, ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. రెండూ సగం కోర్టులో ఇంచుమించు మూడో వంతు దగ్గరే ఉంటాయి. చూడవలసింది ఆ గీత వెనుక. బ్యాడ్మింటన్‌లో దాని నడుమ నుంచి మరో గీత వెనుక హద్దు వరకూ సాగి, సర్వీసు గళ్ళను కుడి ఎడమలుగా విడదీస్తుంది. వాలీబాల్‌లో అక్కడ ఏ గీతా ఉండదు.

అసలు చిక్కు కబడ్డీతో వచ్చింది. ప్రతి సగంలోనూ రెండు అడ్డగీతలున్నాయి. మధ్య గీతకు దగ్గరగా ఉన్నది బాక్ లైన్. కూతకు వెళ్ళిన రైడర్ ఎవరినీ తాకకుండా, దీన్ని ఒక్కసారైనా దాటకుండా తిరిగి వస్తే అవుట్. దానికి మీటరు వెనుక బోనస్ లైన్. అవతల ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడే అక్కడ బోనస్ పాయింటు దొరుకుతుంది. రెండు అంచుల్లో మీటరు వెడల్పున ఉన్న పట్టీలు లాబీలు. రైడర్ ఎవరినైనా తాకాక, లేదా పట్టు మొదలయ్యాకే అవి ఆటలోకి వస్తాయి.

నా దగ్గరున్నవి పురుషుల కోర్టు కొలతలు: 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, బాక్ లైన్ 3.75 మీటర్ల దూరంలో. అంటే ఆ గీత సగం కోర్టు నడిమికి కాస్త వెనుకగా పడాలి. ఫొటోలో చూసి తేల్చడం కష్టం, ఎందుకంటే దూరంగా ఉన్న భాగం కుదించుకుపోయి కనిపిస్తుంది. అందుకే ఫొటోను పెద్దగా ప్రింటు తీయించి, ఒక సగానికి మూల నుంచి మూలకు పెన్సిలుతో రెండు గీతలు గీశాను. ఏటవాలుగా తీసిన ఫొటోలోనైనా ఆ రెండూ కలిసే చోటే నేల మీది అసలైన నడిమి. అవి సరిగ్గా బాక్ లైన్ మీదే కలిశాయి. రెండో సగంలోనూ అంతే. మహిళల కోర్టులో సగం 6 మీటర్లు, బాక్ లైన్ 3 మీటర్ల దగ్గర. అంటే మా మైదానంలో ఉన్నది 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న మహిళల కోర్టే. మేము ఆడిన కోర్టు అదేనని తెలిసి మనసు నిండింది.

మర్నాడు ఉదయం నాలుగు మూలలా మేకులు కొట్టి తాళ్ళు కట్టాం. ఎదురెదురు మూలల మధ్య మొదటి కొలత 14.42 మీటర్లు, రెండోది 14.50. ఒక మేకును పీకి కొద్దిగా జరిపి, రెండూ 14.42కు వచ్చాకే సున్నం చల్లాం.