చెమట పాదాలకు ఏ సాక్స్?

సేఫ్టీ షూస్‌తో షిఫ్టంతా నిలబడే ఉద్యోగం నాది, పైగా పాదాలకు చెమట మరీ ఎక్కువ. చెమటకి కాటనే మంచిదని ఇంట్లో అందరి మాటా. కాటన్ చెమటను పీల్చుకునే మాట నిజమే, కానీ వదలదు. మూసుకుపోయిన బూటులో అది ఆరే దారి లేదు. తడిసిన నూలు ఉబ్బి, సాగి, మడమ దగ్గర ముడతలు పడి చర్మాన్ని ఒరుస్తుంది. బొబ్బలు అక్కడే లేస్తాయి.

ఇప్పుడు సన్నటి మెరినో ఉన్నిలో నైలాన్ కలిపినవి వేసుకుంటున్నా. ఎండాకాలంలో ఉన్నేంట్రా అంది అమ్మ. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను లోపలికి తీసుకున్నా పైకి తడి తెలియదు. వాసనా తక్కువ. ఒట్టి ఉన్నయితే మడమ దగ్గర త్వరగా చిల్లు పడుతుంది, ఆ గట్టిదనం కోసమే నైలాన్. అది తేమను పెద్దగా పీల్చదు కాబట్టి నైలానే ఎక్కువున్న జత నేను కొనను.

కొనేముందు సాక్స్ తిరగేసి, వేళ్ల దగ్గరి కుట్టు మీద గోరు పోనిచ్చి చూడండి. గోరుకు గట్టు తగిలిందంటే చెమటకి నానిన చర్మానికి ఇంకా బాగా తగులుతుంది. సీమ్‌లెస్ అని రాసినవాటిల్లోనూ కొన్నిటికి ఆ గట్టుంటుంది. బాగా చేసినవాటిలో అల్లికను లూప్‌కు లూప్ కలుపుతారు, చదునుగా ఉంటుంది. ఉతకడానికి చన్నీళ్లే వాడండి, ఫాబ్రిక్ కండిషనర్ వద్దు.