జిజియా ప్రశ్నలో నాకు మార్కులు ఎక్కడ పోయాయంటే

హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఒక టెస్ట్ సిరీస్‌లో "జిమ్మీల హోదా చట్టంలో ఎలా ఉంది, ఆచరణలో ఎలా నడిచింది?" అని అడిగారు. జిమ్మీలంటే ముస్లిం పాలనలో రక్షణ ఒప్పందం కింద బతికిన ముస్లిమేతరులు, జిజియా వాళ్లు కట్టే తలపన్ను. రక్షణ ఒప్పందం, జిజియా, ఆంక్షలు అంటూ రెండు పేజీలు నింపాను. 15కి 4 వచ్చాయి. దిద్దినాయన మార్జిన్‌లో "ఆచరణ ఏది?" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. చూసుకుంటే నిజమే, నేను రాసిందంతా న్యాయకోవిదుల మాటే.

చట్టం వైపు తేలిక. జిమ్మా అంటే పాలకుడు ఇచ్చే రక్షణ హామీ. ముస్లిమేతరుల ప్రాణం, ఆస్తి, ఆరాధన కాపాడతాడు. పెళ్లి, వారసత్వం లాంటివి వాళ్ల మత న్యాయస్థానాల్లోనే తేల్చుకోనిస్తాడు. బదులుగా వాళ్లు జిజియా కట్టాలి, తక్కువ హోదాను ఒప్పుకోవాలి. కొత్త ప్రార్థనాలయాలు కట్టకూడదు, వేరుగా కనిపించే బట్టలు వేసుకోవాలి, అలాంటివి. ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలంలో, హనఫీ అనే ఇస్లామిక్ న్యాయ సంప్రదాయానికి చెందిన న్యాయవేత్త అబూ యూసుఫ్ రేట్లు కూడా చెప్పాడు: ధనికుడికి ఏడాదికి 48 దిర్హమ్‌లు, మధ్యతరగతికి 24, చేతిపని చేసుకునేవాడికి 12. ఆడవాళ్లకు, పిల్లలకు, ఏమీ లేని పేదవాడికి మినహాయింపు. ఆయనే ఇంకో మాట అంటాడు: పన్ను కోసం ఎవరినీ కొట్టకూడదు, ఎండలో నిలబెట్టకూడదు. నేను మొదట దీన్ని దయ కింద రాసుకున్నాను. తర్వాత వెలిగింది: జరగని పనిని వద్దని ఎవరూ పనిగట్టుకుని రాయరు కదా!

ఆచరణ కోసం నేను పట్టుకున్నది కైరో గెనీజా. పాత కైరోలో, అంటే ఫుస్తాత్‌లో, బెన్ ఎజ్రా అనే యూదు ప్రార్థనాలయం ఉంది. దేవుడి పేరున్న కాగితం పారేయకూడదన్న ఆచారం వల్ల అక్కడి గదిలో వందల ఏళ్ల కాగితాలు పోగయ్యాయి. వాటిలో 11 నుంచి 13వ శతాబ్దం దాకా మామూలు జనం హీబ్రూ లిపిలో, అరబ్బీ భాషలో రాసుకున్న ఉత్తరాలు చాలా ఉన్నాయి.

వాటిలో జిజియా మోత వినిపిస్తుంది. చేతిలో డబ్బు లేనివాడు వసూలుదారుకు భయపడి ఇంట్లో దాక్కుంటాడు. బయటికి రాలేడు కాబట్టి పని దొరకదు, పని లేదు కాబట్టి డబ్బు రాదు. పట్టుబడితే జైలు. పన్ను కట్టినవాడు రశీదు దగ్గర ఉంచుకోవాలి, అది లేకుండా ఊరు దాటడం ప్రమాదం. పేదల పన్ను కోసం సమాజం పెద్దలు చందాలు వసూలు చేసేవాళ్లు, ఆ సాయం అడుగుతూ రాసిన అర్జీలూ దొరికాయి.

మరి పేదవాడికి మినహాయింపు ఏమైంది? ఇక్కడ "చట్టాన్ని ఉల్లంఘించారు" అని రాసేస్తే మళ్లీ తప్పే. అబూ యూసుఫ్ మాట హనఫీలది. షాఫిఈ అనే ఇంకో న్యాయ సంప్రదాయపు పండితుల్లో బలమైన అభిప్రాయం ప్రకారం పేదవాడూ బాకీదారే, చేతికొచ్చినప్పుడు కట్టాలి. అంటే చట్టమే ఒకటి కాదు. రెండోసారి రాసినప్పుడు ఈ ఒక్క పాయింటే నా జవాబుకు ప్రాణం పోసింది.

ఆంక్షల సంగతి ఇంకోలా నడిచింది. అదే ఈజిప్టులో ఫాతిమిద్ ఖలీఫా అల్ అజీజ్ దగ్గర ఈసా ఇబ్న్ నస్తూరస్ అనే క్రైస్తవుడు వజీరు స్థాయికి ఎదిగాడు. అజీజ్ కొడుకు అల్ హాకిం వచ్చాక లెక్క తిరగబడింది. 1009లో జెరూసలేంలోని పవిత్ర సమాధి చర్చిని కూల్చమన్నాడు. బలవంతపు మతమార్పిళ్లూ జరిగాయి. చివరి ఏళ్లలో ఆయనే మెత్తబడి, మారినవాళ్లను పాత మతానికి వెళ్లనిచ్చాడు. బెన్ ఎజ్రా కూడా ఆయన కాలంలో కూలి, తర్వాత మళ్లీ లేచింది. ఒప్పందం ఎప్పుడూ రద్దు కాలేదు, ఎంత గట్టిగా అమలు చేయాలన్నది మాత్రం పాలకుడి చేతిలో ఉండేది.

మన సిలబస్‌కు అతుకు సింధ్ దగ్గర ఉంది. షాఫిఈల లెక్కలో జిమ్మా గ్రంథమున్న మతాలకూ జొరాస్ట్రియన్లకే. హనఫీలు దాన్ని మిగతా వాళ్లకూ విస్తరించారు. 712లో సింధ్ గెలిచాక అక్కడి హిందువులకూ బౌద్ధులకూ రక్షణ ఇచ్చారని చచ్‌నామా చెబుతుంది. అది చాలా తర్వాతి పారశీక రచన, 13వ శతాబ్దంది. ఆ సంగతి ఒక్క వాక్యమైనా రాయకుండా చచ్‌నామాను సాక్ష్యంగా వాడొద్దు.

గెనీజాకూ ఇలాగే హద్దు పెట్టాలి. అవి ఎక్కువగా ఒక నగరపు యూదుల కాగితాలు. నైలు డెల్టా పల్లెల్లోని కాప్టిక్ క్రైస్తవ రైతుల కథ వాటిలో లేదు. పన్నుల భారానికి తిరగబడ్డ ఆ డెల్టాలోని బష్మూర్ ప్రాంతపు రైతులను 832 ప్రాంతంలో ఖలీఫా అల్ మామూన్ స్వయంగా ఈజిప్టు వచ్చి అణచాడు. ఆ తిరుగుబాట్లలో ముస్లింలూ కలిశారు. అందుకే అక్కడ జిజియాను ఒక్కదాన్నే విడదీసి రాయలేను, భూమిశిస్తును కూడా కలిపి రాస్తున్నాను.