మైనస్ ఒకటో సెకను

కర్నూల్లో ఇంటర్ చదివే మా మేనకోడలు ఒక లెక్క తెచ్చింది. 15 మీటర్ల మేడ అంచు నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే నేల మీద ఎప్పుడు పడుతుంది? గురుత్వ త్వరణం g 10 అనుకోవాలి, గాలి అడ్డు లేదు.

"వర్గమూలం లోపల మైనస్ వస్తాంది మామా, లెక్కే తప్పేమో!"

చూస్తే s = ut − ½gt² సమీకరణంలో, విసిరిన చోటు నుంచి ఎత్తు s = 15 అని వేసింది. అంటే మేడకు ఇంకా 15 మీటర్లు పైన బంతి ఎప్పుడుంటుందని అడిగినట్టు. విసిరిన వేగం u 10 కాబట్టి అది లేచేదే u²/2g, 5 మీటర్లు. అంత ఎత్తుకు ఎన్నటికీ పోదు. సమీకరణం చెప్పిందీ అదే, పాపం.

విసిరిన చోటు సున్నా, పైదిక్కు ప్లస్ అనుకుంటే నేల −15 దగ్గరుంటుంది. త్వరణం ఎక్కేటప్పుడూ −10, దిగేటప్పుడూ −10. "దిగేటప్పుడు ప్లస్ కాదా?" అంది. దిక్కు మార్చుకున్నది బంతి, భూమి ఎప్పుడూ కిందికే లాగుతుంది కదా.

−15 = 10t − 5t²

t = 3 లేదా −1. జవాబు 3 సెకన్లు. నేలను తాకేటప్పుడు వేగం v = 10 − 30 = −20, ఆ మైనస్ కిందికి పోతోందని.

ఆ −1ని అందరూ కొట్టేస్తారు, నాకు మాత్రం అదే ఇష్టం. ఇదే బంతిని 1 సెకను ముందు, నేల మీద నుంచి 20 వేగంతో విసిరి ఉంటే, మేడ అంచు దగ్గరికొచ్చేసరికి దాని వేగం సరిగ్గా 10 ఉండేది.