రశీదు పనికి రెండా, పదమూడా: మా ఆదివారం యాప్ డైరీ

గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలకు సరదాగా ఒక యాప్ కడుతున్నాం. ఆదివారాలు కూర్చునేది నలుగురం: నేను, మా బావ, టెస్టింగ్ ఉద్యోగం చేసే కింది ఫ్లాట్ అక్క, బీటెక్ చివరి సంవత్సరం కుర్రాడు. ఏం కావాలో చెప్పేది ట్రెజరర్ గారు. ఈ నెల నుంచి ఏ పని ఎంత పెద్దదో ప్లానింగ్ పోకర్‌తో తేల్చుకుంటున్నాం. ఈ పద్ధతిని 2002లో జేమ్స్ గ్రెనింగ్ రాసిపెట్టారు, తర్వాత మైక్ కోన్ వల్ల బాగా వాడుకలోకి వచ్చింది.

కార్డులు కొనలేదు. మామూలు పేకదస్తా ఒకటి చాలు. తలా ఒక రంగు తీసుకుని ఆసు, 2, 3, 5, 8, రాణి, రాజు మాత్రం ఉంచుకోవాలి. రాజు పదమూడో ముక్క కాబట్టి విలువ 13. రాణి అంటే ‘నాకు అర్థం కాలేదు’. పైకి వెళ్లేకొద్దీ అంకెల మధ్య దూరం ఎందుకు పెరుగుతుందంటే, పెద్ద పనిలో 11కీ 12కీ తేడా ఎవరూ చెప్పలేరు. (సెల్లార్‌లో పేక పట్టుకుని కూర్చున్నందుకు వాచ్‌మన్‌కి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.) ఈ అంకెలు గంటలు కావు. ఫ్లాట్ల జాబితా చూపించే పేజీని 2 అనుకున్నాం, మిగతావన్నీ దానితో పోల్చి చెప్పాలి. ట్రెజరర్ గారికి ముక్కలు లేవు. పని చేసేవాళ్లే అంకె వేస్తారు, ఆయన సందేహాలు తీరుస్తారు.

ఈ ఆదివారం వచ్చిన పని: డబ్బు కట్టినవాళ్లకు తెలుగులో పీడీఎఫ్ రశీదు. ముక్కలు బోర్లించి, ‘మూడు’ అనగానే అందరం ఒకేసారి తిప్పాం. అక్క 2, నేను 3, బావ 3, కుర్రాడు రాజు.

ముందుగా బావ చెప్పి ఉంటే కుర్రాడు 13 అనేవాడు కాదు. పదిహేనేళ్ల అనుభవం ఉన్న మనిషి మూడంటే, ఇంకా పరీక్షలు రాస్తున్నవాడు నాలుగో ఐదో అని సర్దుకుంటాడు. ఒకేసారి తిప్పేది అందుకే. తిప్పాక ముందు మాట్లాడాల్సింది కూడా అందరికంటే చిన్న అంకె, పెద్ద అంకె వేసినవాళ్లు, మధ్యలో ఉన్న మేమిద్దరం కాదు.

కుర్రాడు కాలేజీలో తెలుగు సర్టిఫికెట్లు తయారుచేసి చేయి కాల్చుకున్నాడు. అతను వాడిన పీడీఎఫ్ లైబ్రరీ అక్షరాలను ఒక్కొక్కటిగా వరసలో పేర్చుకుంటూ పోతుందట. ‘లక్ష్మి’లో వత్తులు కిందికి దిగకుండా, పొల్లులతో విడివిడిగా పక్కన నిలబడ్డాయి. తెలుగు ఫాంట్ జోడించినా మారలేదు. ఫాంట్‌లో ఆకారాలు ఉంటాయి, వాటిని ఎక్కడ ఎలా కలపాలో చూసే పని లైబ్రరీ చేయదు. నాకూ బావకూ ఈ సంగతి తట్టనే లేదు.

తర్వాత అక్క. ‘లైబ్రరీ ఎందుకురా? రశీదుని మామూలు పేజీలా చూపించి `window.print()` పిలిస్తే సరి. తెర మీద వత్తులు సరిగ్గా పెట్టే బ్రౌజరే కాగితం మీదా పెడుతుంది. ప్రింట్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోవడమే.’

కుర్రాడు వెంటనే పట్టుకున్నాడు: ‘అక్కా, అలా అయితే ప్రతి రశీదుకీ ఎవరో ఒకరు నొక్కాలి. నెలాఖరున అందరికీ వాటంతట అవే వెళ్లవు.’ అందరం ట్రెజరర్ గారి వైపు చూశాం. ‘డబ్బు కట్టినప్పుడు ఒక్కొక్కటి ఇస్తే చాలు బాబూ’ అన్నారాయన. పని హద్దు అక్కడ తేలింది.

రెండోసారి తిప్పితే అక్క, నేను, బావ 3, కుర్రాడు 5. మొదటిసారే సగటు తీసి ఉంటే ఐదుంపావు వచ్చేది, దగ్గరగానే ఉండేది. కానీ వత్తుల గొడవా, ప్రింట్ దారీ రెండూ బయటికి రాకుండానే పని మొదలెట్టేవాళ్లం. రాజు నుంచి ఐదుకి ఎందుకు దిగావని కుర్రాణ్ణి అడిగాను. రెండో రౌండ్‌లో అంకె మార్చిన ప్రతివాళ్లనీ ఇది అడుగుతున్నాం. ‘అందరూ మూడన్నారు కదా’ అని జవాబొస్తే ఆ మార్పుకి విలువ లేదు, ఇంకా మాట్లాడాలి. ఇతను మాత్రం కారణం చెప్పాడు: ‘వత్తుల భయం పోయింది. ట్రెజరర్ గారి పాత ఫోన్లో ప్రింట్ చూడాలి, అంచులు తెగొచ్చు.’ న్యాయమైన అనుమానమే కాబట్టి 5 రాసుకున్నాం. మూడో రౌండ్‌కి వెళ్లలేదు. 3కీ 5కీ మధ్య ఇంకో పావుగంట వాదించుకోవడం నా దృష్టిలో దండగ.

రశీదులు వాటంతట అవే వెళ్లడాన్ని వేరే పనిగా విడగొట్టాం. దానికి రెండు రాజులు, రెండు రాణులు పడ్డాయి. అలాంటప్పుడు మాట్లాడి తేలేది ఉండదు. అక్షరాలు సరిగ్గా కలిపే దారి సర్వర్ మీద ఏముందో కుర్రాడు ఒక సాయంత్రం చూసి వస్తాడు, అంకె ఆ తర్వాతే.